పంపకుండా చెరిపేసిన మాట

బతూల్ జెబ్లీని ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ మర్యాదగా లల్లా బతూల్ అనే పిలిచేవారు. కాసాబ్లాంకాలో సిదీ మారూఫ్ పేటలోని ఆఫీసు మేడల్లో ఒకదాని నాలుగో అంతస్తులో ఆమె ఉద్యోగం. ఫ్రాన్సులో ఎవరి ఇంట్లోనో నీళ్ల గొట్టం పగిలినా, ఎవరి కారుకో సొట్ట పడినా ఆ బీమా ఫైలు సముద్రం దాటి ఇక్కడికి వచ్చేది. చూసి, ఫోనులో అవతలివాళ్లతో మాట్లాడి, ఎంత ఇవ్వాలో తేల్చేది బతూల్ లాంటి వాళ్లు. ఆమె ఫ్రెంచి వింటే అవతలి ముసలమ్మలు ఆమెను తమ ఊరి మనిషే అనుకునేవాళ్లు. "మీ దగ్గర కూడా వాన పడుతోందా అమ్మా?" అని అడిగేవాళ్లు. కిటికీలోంచి మండే ఎండను చూస్తూ "పడుతూనే ఉందండీ" అనేది బతూల్. ఫోను పెట్టేశాక పక్కసీటు వాళ్లు విరగబడి నవ్వేవాళ్లు.

భర్త పోయేనాటికి కూతురు ఇబ్తిసామ్ బడికి వెళ్తోంది. ఆ తర్వాతి బతుకంతా ఆ పిల్ల చదువు, ఇంటి అద్దె, ఈ ఉద్యోగం. కూతురు ఫార్మసీలో పనికి కుదిరాక బతూల్‌కి కాస్త ఊపిరి ఆడింది. ఆ ఊపిరి ఆడిన రోజుల్లోనే బూషైబ్ తారసపడ్డాడు.

చలికాలం పొద్దున్నే ఆ మేడల వెనక ఒకాయన బండి మీద వేడివేడి బీసారా అమ్మేవాడు. బఠానీల చిక్కటి జావ, పైన నూనె, జీలకర్ర. ఒకరోజు బతూల్ చేతిలో గిన్నె పొర్లి పక్కనున్న పెద్దమనిషి చొక్కా మీద పడింది. ఆమె కంగారుగా క్షమాపణ చెప్పబోతే ఆయన తన చొక్కాకేసి చూసుకుని, "ఫర్వాలేదు, ఇది ఎలాగూ పాతదే. జావ మాత్రం పాపం, మంచిది" అన్నాడు. బతూల్ నవ్వేసింది. ఎన్నేళ్లకో బయటి మగవాడి మాటకు అలా నవ్వింది.

ఆయన భార్య పోయి చాలాకాలమైంది. పని చేసేది మిష్కాత్ అనే కంపెనీలో. రెండు వీధుల అవతల ఉంటుంది అది. బతూల్ వాళ్ల కంపెనీ చేసే పనే చేస్తుంది, అదే ఖాతాదారుల కోసం పోటీ పడుతుంది. బూషైబ్ అక్కడ జీతాల లెక్కలు చూసేవాడు. బీమా ఫైళ్లతో ఆయనకు సంబంధం లేదు. ఇద్దరూ తమ ఆఫీసుల సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి వాళ్లకు అంతకంటే మంచి సంగతులు ఉండేవి. ఫోనులో ఆయన పేరు రాసుకునేటప్పుడు మాత్రం బతూల్ అందరికీ రాసినట్టే రాసుకుంది: బూషైబ్, మిష్కాత్. ఆమె ఫోనులో ప్లంబరు పక్కన వీధి పేరు, దర్జీ పక్కన అంగడి పేరు ఉంటాయి. ఇది కూడా అంతే.

కళ్లు మసకబారుతున్నాయి. ఫోనులో చిన్న అక్షరాలు చదవడం కష్టంగా ఉండేది. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేశాక, ఆఫీసు లాప్‌టాప్‌లో తన సందేశాల పేజీ తెరిచేది. పెద్ద తెర, పెద్ద అక్షరాలు. భోజనం వేళ కాస్త సొంత పని చూసుకోవచ్చని కంపెనీ నియమాల్లోనే ఉంది. అందరూ చూసుకునేవాళ్లు. ఒకరు కరెంటు బిల్లు కట్టేవారు, ఒకరు పిల్లాడి బడికి జవాబు రాసేవారు. బతూల్ గుడ్డలో చుట్టి తెచ్చుకున్న రొట్టె తింటూ బూషైబ్‌కి రాసేది. పెళ్లి మాట కూడా ఆ తెర మీదే మొదట వచ్చింది. ఎదురెదురుగా కూర్చుని అడగడానికి ఆయనకు ధైర్యం చాల్లేదట.

కూతురికి ఇంకా చెప్పలేదు. కాగితాలన్నీ పోగయ్యాక, పెళ్లి అనుమతికి కోర్టులో అర్జీ పడ్డాక చెబుదామనుకుంది. ఆ కాగితాలు తక్కువా? జనన పత్రం, నివాస పత్రం, వైద్యుడి పత్రం, మొదటి భర్త మరణ పత్రం. ఒకటి తెస్తే ఇంకొకటి గడువు దాటేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం మానవ వనరుల అధికారిణి వఫా ఆమె సీటు దగ్గరికే వచ్చి ఒక కవరు ఇచ్చి సంతకం చేయించుకుంది. వఫా ముఖం వాడిపోయి ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"చదవండి లల్లా. ఉద్యోగుల ప్రతినిధుల్లో మీకు నచ్చిన వాళ్లని వెంటబెట్టుకుని రండి. ఒంటరిగా మాత్రం రాకండి."

కంపెనీ రహస్య పత్రాలు బయటివారికి చేరవేశారన్న ఆరోపణ మీద విచారణ అని ఆ కాగితంలో ఉంది. బతూల్ రెండుసార్లు చదివింది. మూడోసారి కవరు మీద పేరు చూసుకుంది, వేరేవాళ్లదేమో అని. తనదే. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

ఉద్యోగుల ప్రతినిధి మిలూద్ రెండో అంతస్తులో పనిచేసేవాడు. బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి. బతూల్ కాగితం చూపిస్తే నమలడం ఆపేశాడు.

"అక్కా, నిజం చెప్పు. ఏదైనా ఇచ్చావా?"

"దేవుడి మీద ఒట్టు మిలూద్. నేనేం ఇస్తాను? ఎవరికిస్తాను?"

"టెండరు మిష్కాత్‌కి పోయినప్పట్నించీ పైవాళ్లకు అందరిమీదా అనుమానమే. అక్కడ ఎవరైనా తెలుసా నీకు?"

బతూల్ కాగితాన్ని మడతపెట్టసాగింది. మిలూద్ ఆమె ముఖంలోకి చూసి ఇంకేం అడగలేదు. "సరే. వినకుండా ఉద్యోగం తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. నువ్వు కూర్చో, నేను కూర్చుంటా. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. ఏ సంతకం చేసేముందైనా నావైపు చూడు" అన్నాడు.

విచారణ డైరెక్టర్ బెల్గీతీ గదిలో జరిగింది. ఆయన, వఫా, కంప్యూటర్ భద్రత చూసే అన్వర్ ఒకవైపు. బతూల్, మిలూద్ ఇంకోవైపు. అన్వర్‌ని చూసి బతూల్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. ఇద్దరూ ఒకే కంపెనీ వ్యానులో వచ్చేవాళ్లు. అతని చిన్నకూతురికి జ్వరం వస్తే ఏ మందు వెయ్యాలో ఇబ్తిసామ్‌ని అడిగి చెప్పేది బతూలే. పండుగ రోజున అతని భార్య పంపిన మిఠాయి డబ్బా ఇంకా వంటింట్లో ఉంది. ఇవాళ అతను తల ఎత్తలేదు.

బెల్గీతీ ఒక కాగితం తిప్పి ఆమె ముందుకు జరిపాడు.

అది ఆమె లాప్‌టాప్ తెర బొమ్మ. ఆమె తెరే. మూలన మనవరాలు కావాలని కూతుర్ని వేళాకోళం చేస్తూ పెట్టుకున్న చిన్న పాప బొమ్మ కూడా ఉంది. మధ్యలో సందేశాల పేజీ. పైన పేరు: బూషైబ్, మిష్కాత్. కింద ఆయన మాట: "కాగితాలన్నీ సిద్ధమేనా?" ఆమె జవాబు: "ఒక్కటి మిగిలింది. శనివారం మీ చేతికే ఇస్తాను. మావాళ్లకు ఇప్పుడే తెలియకూడదు."

ఎవరో వీధిలో నలుగురి మధ్య ఒంటిమీద బట్ట లాగేసినట్టు బతూల్ చేతులు తమంతట తామే జల్లాబా అంగీ అంచును దగ్గరికి లాక్కున్నాయి.

"ఇది... ఇది మీకెక్కడిది?"

"అది తర్వాత" అన్నాడు బెల్గీతీ. "టెండరులో మిష్కాత్ వాళ్లు మనకంటే చిటికెడు తక్కువ ధర రాశారు. అంత కరెక్టుగా ఎలా రాశారు? ఈ బూషైబ్ ఎవరు? ఏ కాగితాలు ఇస్తానన్నారు? మావాళ్లంటే ఎవరు, మేమేగా?"

ఆ మాటలు అలా కూడా చదవవచ్చని అప్పటిదాకా ఆమెకు తట్టలేదు. తన నోటి మాటే తన మెడకు చుట్టుకుంది.

"లల్లా, మీరు ఈ కంపెనీలో పాత మనిషి" అని బెల్గీతీ గొంతు తగ్గించాడు. "గొడవ ఎందుకు? మీ ఫోను ఇలా బల్ల మీద పెట్టండి. తెరిచి ఇతనితో మాట్లాడినవన్నీ చూపించండి. తప్పు లేకపోతే రెండు నిమిషాల్లో తేలిపోతుంది."

బతూల్ చెయ్యి సంచిలోకి వెళ్లింది. ఇచ్చేద్దామనే అనుకుంది. దాచేదేముంది, దొంగతనం చేశానా? ఫోను బయటికి తీసింది కూడా. అప్పుడు మిలూద్ తన లావుపాటి అరచెయ్యి ఆమె చేతి మీద బోర్లించాడు.

"ఆగక్కా. ఆ ఫోను ఎవరిది?"

"నాదే."

"డబ్బు ఎవరు పెట్టారు? కంపెనీనా?"

"నేనే కొనుక్కున్నా."

"అయితే సంచిలో పెట్టు." అని బెల్గీతీ వైపు తిరిగాడు. "బెల్గీతీ గారూ, మనందరం సంతకం చేసిన నియమాల్లోనే ఉంది. ఫోనులో ఆఫీసు ఉత్తరాలకి వేరే అర ఉంది. అది కంపెనీది. ఆమె రేపు మానేస్తే ఆ ఒక్క అరని ఇక్కణ్నుంచే తుడిచెయ్యొచ్చు. మిగతాది తొంగి చూడకూడదు, అడగకూడదు. అడిగింది ఇవ్వలేదని తప్పుగా లెక్కించకూడదు. అవునా కాదా, వఫా?"

వఫా కాగితం వైపే చూస్తోంది. "అవును" అంది. తర్వాత ఆమె అన్న మాట ఎవరూ ఊహించలేదు. "బెల్గీతీ గారూ, నాకూ ఒక అనుమానం. ఈ బొమ్మ తీసినప్పుడు ఈమె ఖాతాదారుతో ఫోనులో ఉందా?"

వఫా ఆ కాగితాన్ని పక్కనున్న అన్వర్ ముందుకు జరిపింది.

"అన్వర్?"

అన్వర్ గొంతు సవరించుకున్నాడు. "లేదు. భోజనం వేళ."

"మరి తెర బొమ్మలు తీసే ఏర్పాటు కాల్ నడుస్తున్నప్పుడే కదా? కాల్ నాణ్యత చూడటానికని. రబాత్‌లో సమాచార రక్షణ కమిషన్‌కి మనం రాసిచ్చిన కాగితంలో ఉన్నది అదే. రాసింది నేనే. ఉద్యోగులందరికీ చెప్పిందీ నేనే."

"మార్చమన్నారు" అన్నాడు అన్వర్, ఎవరు మార్చమన్నారో చెప్పకుండా. అందరూ బెల్గీతీ వైపే చూశారు. "కొన్ని మాటలు తెర మీద కనిపిస్తే చాలు, బొమ్మ పడేలా పెట్టాను. మిష్కాత్ అన్న మాట అందులో ఒకటి."

"ఎప్పట్నించి?" అని అడిగింది బతూల్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

అన్వర్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. "రంజాన్ అయినప్పట్నించి, లల్లా."

రంజాన్ అయినప్పట్నించి. అంటే పెళ్లి మాట వచ్చిన దగ్గర్నుంచీ. రోజూ వ్యానులో పక్కన కూర్చుని "ఎలా ఉన్నారు లల్లా?" అని అడిగిన మనిషికి ఆమె ఎలా ఉందో ముందే తెలుసు.

బెల్గీతీ బల్ల మీద వేలితో తట్టాడు. "కంపెనీ లాప్‌టాప్, కంపెనీ నెట్. అందులో కనిపించేదంతా కంపెనీదే. దొంగని పట్టుకోవడానికి అనుమతి అడగాలా?"

"పట్టుకోవద్దని ఎవరన్నారు?" అన్నాడు మిలూద్. "పట్టుకునే దారి మీ నియమాల్లోనే ఉందిగా. కంపెనీ మెయిల్ నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎంత సైజు ఫైలు పోయిందో చిట్టా మీ దగ్గర ఉంటుంది. ఆ చిట్టా చూడొచ్చు. అందులో అనుమానం తగిలితే, వఫా ముందర, ఈమెను పిలిచి ఉత్తరం తెరవొచ్చు. సొంతం అని పైన రాసున్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ముందు అది చూశారా?"

చూడలేదు. బొమ్మ దొరికింది కాబట్టి ఇంక చూడనక్కర్లేదనుకున్నారు.

"చూడండి" అంది బతూల్. "ఆఫీసు మెయిల్ చూడండి. నేను ఇక్కడే కూర్చుంటా."

అన్వర్ లాప్‌టాప్ తెరిచాడు. మిష్కాత్‌కి ఆమె మెయిల్ నుంచి ఒక్క ఉత్తరం పోలేదు. బయటి సొంత మెయిళ్లకు ఫైలేదీ పోలేదు. పెన్‌డ్రైవ్ తగిలించిన జాడ లేదు. టెండరు ధరలున్న ఫోల్డరు తెరిచే అనుమతి ఆమెకు ఎప్పుడూ లేదు. ఆ సంగతి అప్పుడే బయటపడింది. వఫా కళ్లు మూసుకుని నుదురు నొక్కుకుంది.

అంతటితో బెల్గీతీ వదిలి ఉంటే ఆయన మర్యాద నిలిచేది. "సరే, మెయిల్‌లో పంపలేదు. చేతికే ఇస్తానని రాశారుగా" అన్నాడు. "ఏ కాగితాలో ఒక్క ముక్క చెప్పండి. నేను నమ్మేస్తా."

ఒక్క ముక్క. పెళ్లి కాగితాలు. అంటే చాలు, ఈ గది నుంచి లేచిపోవచ్చు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బల్లకు అవతలివైపు అన్వర్ ముఖం ఎర్రగా కందిపోవడం ఆమె గమనించింది. అతనికి తెలుసు. అన్నీ చదివినవాడికి అవి ఏ కాగితాలో తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ నోరు మూసుకుని ఈ బొమ్మ ఒక్కటే ముందు పెట్టనిచ్చాడు. ఆ ఆలోచనతో ఆమెకు ఎక్కడో లోపలి నుంచి పట్టుదల లేచింది.

"చెప్పను" అంది.

"ఏమన్నారు?"

"చెప్పనంటున్నా. ఆఫీసు కాగితం ఒక్కటి కూడా కాదు. అంతవరకే. మిగతాది మా ఇంటి సంగతి. నా కూతురికే ఇంకా చెప్పలేదు, మీకు చెబుతానా?"

మిలూద్ కూడా ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె లల్లా బతూల్ అని, ఎవరికీ ఎదురుచెప్పని మనిషి అని అక్కడున్న అందరికీ తెలుసు.

విచారణ పత్రం వఫా రాసింది. బతూల్ తన మాట కూడా అందులో రాయించింది: ఫోను అడిగారు, ఇవ్వలేదు, భోజనం వేళ తీసిన బొమ్మను తన మీద ప్రయోగించడానికి ఒప్పుకోవడం లేదు. సంతకం చేసే ముందు మిలూద్ వైపు చూసింది. అతను తలూపాడు.

ఆ సాయంత్రం వ్యాను ఎక్కలేదు. షేరింగ్ టాక్సీలో కిక్కిరిసిన జనం మధ్య కూర్చుని ఇంటికి వెళ్లింది. ఇబ్తిసామ్ హరీరా చారు వేడి చేస్తోంది. ఆఫీసు మేడలో పుకారు పుడితే అది ఏ రూపంలో కూతురి చెవిన పడుతుందోనని బతూల్‌కి భయం పట్టుకుంది. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండానే చెప్పేసింది, బూషైబ్ సంగతి, కాగితాల సంగతి, అన్నీ.

కూతురు గరిటె పక్కన పెట్టి తిరిగింది. "ఇంతేనా? ఎప్పుడు చెబుతావా అని ఎదురుచూస్తున్నా."

"నీకెవరు చెప్పారు?" బతూల్ సంచి దగ్గరికి లాక్కుంది. "నా ఫోను చూశావా?"

"ఛీ, నీ ఫోను నాకెందుకు? కళ్లకి కాటుక పెట్టుకుని బీసారా తాగడానికి వెళ్లే ఆడదాన్ని నిన్నొక్కదాన్నే చూశా. అడిగితే సిగ్గుపడతావని ఊరుకున్నా."

అప్పుడు ఏడ్చింది బతూల్. ఆ గదిలో రాని కన్నీళ్లన్నీ వంటింట్లో వచ్చాయి. కూతురు కారణం తెలియక కంగారుపడి, తెలిశాక "వాళ్ల నోట్లో మట్టి పడ!" అని బెల్గీతీ ఏడు తరాలనూ తిట్టింది.

మర్నాడు మిలూద్ ఇంకో మాట చెప్పాడు. "అక్కా, వాళ్లు ఎలాగూ బొమ్మలన్నీ తుడిచేస్తామంటారు. తొందరపడి సరే అనకు. నీ గురించి వాళ్ల దగ్గర ఏమేం ఉందో చూసే హక్కు నీకుంది. రాసి అడుగు. చూసిన తర్వాతే తుడవమను. కావాలంటే కమిషన్‌కి కూడా వెళ్దాం, కార్మిక ఇన్‌స్పెక్టర్ దగ్గరికీ వెళ్దాం."

అడిగింది. కాదనలేకపోయారు. వఫా తన గదిలో తలుపు వేసి, కుర్చీ చూపించి, తెరను ఆమె వైపు తిప్పింది. తను మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

బతూల్ ఒకటీ రెండూ ఉంటాయనుకుంది. మిష్కాత్ అన్న మాట బూషైబ్ పేరు పక్కనే ఉండటంతో, ఆయన పేజీ తెరిచిన ప్రతిసారీ బొమ్మ పడింది. వరుసగా పడ్డాయి. ఆయన కొత్త కళ్లజోడు పెట్టుకుని పంపిన ఫొటో. తన చక్కెర పరీక్ష ఫలితం. భర్త మరణ పత్రం దొరకడం లేదని, వెతుకుతుంటే ఆయన చొక్కా దొరికిందని రాసిన రోజు. కోర్టు మెట్లు ఎక్కాలంటే సిగ్గేస్తోందని రాస్తే "మనిద్దరం కలిసి సిగ్గుపడదాం" అని బూషైబ్ ఇచ్చిన జవాబు. ఒక్కో బొమ్మా దాటుతుంటే తన బతుకును పక్కింటి కిటికీలోంచి చూస్తున్నట్టు అనిపించింది.

ఒక బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

అందులో కింద, రాసే గడిలో, పంపని వాక్యం ఉంది. ఆ రోజు గుర్తుంది. రాసి, చదువుకుని, ఈ వయసులో ఇదేం పిచ్చి అని వెంటనే చెరిపేసింది. బూషైబ్‌కి చేరలేదు. ఈ లోకంలో ఎవరికీ చేరలేదనుకుంది. "మీ మాట వినపడని రోజు నేను చచ్చిపోయిన మనిషిలా పనిచేస్తాను" అని ఉంది అక్కడ. చెరిపేసే లోపు, ఆ రెండు క్షణాల్లో బొమ్మ పడింది. బూషైబ్ చదవని ఆ మాట అన్వర్ చదివాడు. బెల్గీతీ కూడా చదివాడేమో.

"వఫా."

"లల్లా?"

"నేను పంపలేదమ్మా ఇది. చెరిపేశాను. చెరిపేసిన దాన్ని కూడా తీసుకున్నారా?"

వఫా తిరిగి చూసి, చదవకుండా కళ్లు దించుకుంది. "నాకు తెలీదు లల్లా. దేవుడి తోడు, నాకు తెలీదు. నేను రాసిన కాగితంలో ఇలాంటిది లేదు."

బతూల్ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. కోపం రావాలి. రాలేదు. నమ్మకం కుదరక, అది తన చేతివేళ్లు రాసిందేనా అని చూస్తూ ఉండిపోయింది.

వారం తిరక్కముందే ఉత్తరం వచ్చింది. ఆరోపణకు ఆధారం లేదు, చర్య ఏమీ ఉండదు. కాల్ లేనప్పుడు తెర బొమ్మలు తీయడం ఆగిపోయింది. నాలుగో అంతస్తు వాళ్లందరినీ కూర్చోబెట్టి వఫా జరిగింది చెప్పింది, ఎవరి పేరూ ఎత్తకుండా. అప్పుడు లేచిన గోల అంతా ఇంతా కాదు. ఒకమ్మాయి తన ఆస్పత్రి రిపోర్టు తెరిచిన రోజు గుర్తుకొచ్చి తల పట్టుకుంది. ఇంకొకతను నవ్వబోయి, తను ఏమేం తెరిచాడో గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు. పెద్ద కార్యాలయం నుంచి వచ్చినవాళ్లు బెల్గీతీని ఏమన్నారో తెలియదు. ఆయన మాత్రం అదే కుర్చీలో ఉండిపోయాడు. మిష్కాత్ అంత తక్కువ ధర ఎలా రాసిందో ఎన్నటికీ తేలలేదు.

బొమ్మలు తుడిచేటప్పుడు బతూల్, మిలూద్ పక్కనే ఉన్నారు. తుడిచినట్టు రాసిన కాగితం ఒక ప్రతి తీసుకుంది. ఇంకేదీ దాచుకోలేదని అన్వర్ కూడా సంతకం చేశాడు. బయటికి వస్తుంటే వరండాలో అతను వెనకాలే వచ్చాడు.

"లల్లా, నన్ను క్షమించండి. నాకు ఇద్దరు పిల్లలు. మార్చమన్నారు, మార్చాను. అవి పెళ్లి కాగితాలని నేను చెప్పి ఉండాల్సింది. చెబితే, అన్నీ చదివానని మీకు తెలిసిపోతుందని..."

"నీ సిగ్గు కాపాడుకోవడానికి నా ఉద్యోగం పోనిచ్చేవాడివి" అంది బతూల్. అరవలేదు. "నీ పాప జ్వరానికి మందు అడిగేటప్పుడు నా ముఖం ఎలా చూశావురా అన్వర్?"

కొన్నాళ్లకు అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతని భార్య ఫోను చేసింది. బతూల్ ఆ పిల్ల ఎలా ఉందని మాత్రం అడిగి పెట్టేసింది.

బూషైబ్‌కి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. విని ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నేను నీకు రాశాను బతూల్" అన్నాడు, మొదటిసారి మీరు అనడం మానేసి. "నీకొక్కదానికి." లేచి వెళ్లిపోయాడు. రెండు వారాలు ఆయన నుంచి మాట లేదు. బీసారా బండి దగ్గర కూడా కనబడలేదు. అయిపోయింది, మనిషి బెదిరిపోయాడు అనుకుంది బతూల్. ఉద్యోగం నిలబెట్టుకున్నందుకు అందరూ శభాష్ అంటుంటే ఆమెకు ఏదీ రుచించలేదు.

ఒక శుక్రవారం ఇబ్తిసామ్ కస్కస్ వండుతుంటే తలుపు చప్పుడైంది. బూషైబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పంచదార దిమ్మ, వెంట అక్కగారు. పెళ్లి అడగడానికి పద్ధతిగా వచ్చాడు.

"రాయడం నాకు ఇంక చేతకాదు" అన్నాడు ఇబ్తిసామ్‌తో, తడబడుతూ. "అందుకని నోటితో అడగడానికి వచ్చాను. మీ అమ్మని నాకిస్తావా తల్లీ?"

"ఆలోచించి చెబుతా" అంది ఇబ్తిసామ్ గంభీరంగా. ఆ ముసలాయన ముఖం పాలిపోవడం చూసి నవ్వాపుకోలేక, "లోపలికి రండి, కస్కస్ చల్లారిపోతోంది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ ఎండాకాలంలోనే పెళ్లయింది. మిలూద్ వచ్చి అందరికంటే ఎక్కువ తిన్నాడు. వఫా వచ్చి ఒక మూలన కూర్చుని బతూల్ చేతిని చాలాసేపు వదల్లేదు. చెరిపేసిన ఆ వాక్యం గురించి బతూల్ భర్తకు ఎప్పుడూ చెప్పలేదు. చెబుదామని ఒకట్రెండుసార్లు నోరు తెరిచింది. కానీ ఆ మాట తలుచుకోగానే బల్లకు అవతల కూర్చున్న అన్వర్, బెల్గీతీల ముఖాలు ముందు కనబడేవి. మానేసింది.

ఇప్పటికీ అదే నాలుగో అంతస్తులో పనిచేస్తోంది. భోజనం వేళ లాప్‌టాప్ మూసేసి, రొట్టె పట్టుకుని కిందికి వెళ్లి గోడ నీడన కూర్చుంటుంది. కళ్లకు కొత్త అద్దాలు చేయించుకుంది. తెర మీద ఎప్పుడైనా తప్పుగా ఒక అక్షరం కొట్టి చెరిపేసేటప్పుడు, ఆమె వేలు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది.